మిల్లు మోడ్‌బస్ లైన్: వైరింగ్, పారిటీ, టైమవుట్‌లపై మెయింటెనెన్స్ నోట్

మిర్యాలగూడ మిల్లులో షిఫ్టుల్లో పనిచేసే ఎలక్ట్రీషియన్లకు, ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్లకు ఈ నోట్. కంట్రోల్ రూమ్‌లోని పీఎల్‌సీ మాస్టర్. దాని కింద ఎంసీసీ గదిలో 12 ఎనర్జీ మీటర్లు (అడ్రస్ 1 నుంచి 12), బ్లోయర్ల డ్రైవ్‌లు మూడు (21 నుంచి 23), డ్రయర్ల దగ్గర టెంపరేచర్ కంట్రోలర్లు నాలుగు (31 నుంచి 34), మొత్తం 19 స్లేవ్‌లు ఒకే ఆర్‌ఎస్-485 లైన్ మీద ఉన్నాయి. కేబుల్ పొడవు సుమారు 340 మీటర్లు. సెట్టింగ్ 9600, 8E1. డ్రయర్ ఉష్ణోగ్రత తెర మీద ఆగిపోతే ధాన్యం పాడవుతుంది. అందుకే ఈ లైన్ గురించి ఇంత వివరంగా రాస్తున్నాను.

తెర మీద టైమవుట్ అని కనబడగానే చాలామంది చేసే మొదటి పని ప్రోగ్రామ్‌లో టైమవుట్ విలువ పెంచడం. దయచేసి అలా చేయకండి. టైమవుట్ అంటే స్లేవ్ ఆలస్యంగా పలికిందని కాదు, నూటికి తొంభై సార్లు అసలు పలకలేదనే అర్థం. 9600 వేగంలో పది రిజిస్టర్లు అడిగే ప్రశ్న 8 బైట్లు, జవాబు 25 బైట్లు. బైటుకు 11 బిట్ల చొప్పున రెండూ కలిపి తీగ మీద పట్టే సమయం దాదాపు 38 మిల్లీసెకన్లు. ఫ్రేముల మధ్య నిశ్శబ్దం, స్లేవ్ ఆలోచించుకునే సమయం కలిపినా ఒక్కో పరికరానికి 100 మిల్లీసెకన్లు దాటకూడదు. అంటే మొత్తం చుట్టు రెండు సెకన్లలోపే పూర్తవ్వాలి. మన టైమవుట్ 1 సెకను, రీట్రైలు రెండు. ఒక్క మీటర్ కరెంటు పోయి పడుకుంటే మాస్టర్ ప్రతి చుట్టులోనూ దాని కోసం మూడు సెకన్లు ఎదురుచూస్తుంది. టైమవుట్‌ను 5 సెకన్లు చేస్తే అదే నిరీక్షణ 15 సెకన్లవుతుంది, ఆ చనిపోయిన మీటర్ వల్ల డ్రయర్ రీడింగ్ కూడా పాతబడిపోతుంది.

ఇక వైరింగ్. దీన్ని రెండు తీగల లైన్ అంటాం గానీ వేయాల్సినవి మూడు: డేటా జత, దానితోపాటు కామన్. ఆర్‌ఎస్-485 రిసీవర్ రెండు డేటా తీగల మధ్య తేడానే చూస్తుంది, నిజమే. కానీ ఆ రెండు తీగలూ పరికరం తన గ్రౌండ్‌తో పోల్చినప్పుడు మైనస్ 7 వోల్ట్‌ల నుంచి ప్లస్ 12 వోల్ట్‌ల లోపలే ఉండాలి. ఎంసీసీ గది ఎర్త్‌కూ డ్రయర్ షెడ్ ఎర్త్‌కూ మధ్య తేడా, మోటార్లు స్టార్ట్ అయ్యేటప్పుడు ఈ హద్దు దాటవచ్చు. కామన్ తీగ వేయని చోట లైన్ నెలల తరబడి బాగానే నడిచి, పెద్ద బ్లోయర్ మొదలైన క్షణంలో మాత్రం తప్పుతుంది. కేబుల్ షీల్డ్‌ను కామన్‌గా వాడకండి. కామన్‌కు విడి తీగ ఉండాలి, షీల్డ్ ఎర్తింగ్ మాస్టర్ ప్యానెల్ దగ్గర ఒక్కచోటే ఉండాలి.

టెర్మినల్ మీద ఏ, బీ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. మోడ్‌బస్ ప్రమాణంలో ఖాళీగా ఉన్నప్పుడు ప్లస్‌గా ఉండాల్సిన తీగ డీ1, అంటే బీ. కానీ చాలా కంపెనీల చిప్‌లలో, పరికరాల్లో ప్లస్ తీగకే ఏ అని పేరు. మన 19 పరికరాల్లోనూ రెండు రకాల లేబుళ్లూ ఉన్నాయి. కాబట్టి మిల్లులో రంగునే గుర్తుగా పెట్టుకున్నాం: తెలుపు ప్లస్, నీలం మైనస్, పసుపు కామన్. కొత్త పరికరం వస్తే దాని మాన్యువల్‌లో ప్లస్ ఏదో చూసి, తెల్ల తీగ అక్కడ బిగించండి. తారుమారు చేస్తే పరికరం కాలిపోదు, పలకదంతే. అనుమానముంటే ఆ ఒక్కచోట రెండు తీగలు మార్చి చూడటంలో భయపడాల్సింది ఏమీ లేదు.

కేబుల్ ఒక పరికరంలోకి వెళ్లి, అక్కడినుంచి మరోదానికి వెళ్లాలి. జంక్షన్ బాక్స్ దగ్గర చెట్టుకొమ్మల్లా నాలుగు వైపులకు విడగొట్టకూడదు. మోడ్‌బస్ సీరియల్ మార్గదర్శకం ఒక్క కొమ్మకు 20 మీటర్ల దాకా ఒప్పుకుంటుంది. మన ఎంసీసీలో అర మీటరు కూడా అవసరం రాదు. రెండు చివర్లలోనూ, రెండు చివర్లలో మాత్రమే, 120 ఓమ్ రెసిస్టర్ ఉండాలి. ఒక చివర కంట్రోల్ రూమ్‌లో, రెండోది 34వ కంట్రోలర్ దగ్గర. కొన్ని డ్రైవ్‌లలో ఈ రెసిస్టర్ లోపలే ఉంటుంది, చిన్న డిప్ స్విచ్‌తో ఆన్ అవుతుంది. డ్రైవ్ మార్చిన ప్రతిసారీ మరిచిపోయేది ఈ స్విచ్‌నే.

అది ఆన్‌లో ఉండిపోతే ఏమవుతుందో లెక్క చూడండి. లైన్ మీద ఎవరూ మాట్లాడనప్పుడు అది గాలిలో తేలకుండా మాస్టర్ దగ్గర 5 వోల్ట్‌లకూ గ్రౌండ్‌కూ 560 ఓమ్స్ చొప్పున బయాస్ రెసిస్టర్లు పెట్టాం. రెండు టెర్మినేటర్లు సమాంతరంగా 60 ఓమ్స్ కాబట్టి ఖాళీ లైన్ మీద తేడా సుమారు 250 మిల్లీవోల్ట్‌లు, స్లేవ్‌ల భారంతో మరికొంచెం తగ్గుతుంది. రిసీవర్‌కు ఖాయంగా తెలియడానికి కావాల్సింది 200. మూడో 120 ఓమ్ వచ్చి చేరితే 60 కాస్తా 40 అవుతుంది, తేడా 172కు పడిపోతుంది. అప్పుడు డ్రైవ్ నుంచి వచ్చే కొద్దిపాటి నాయిస్ కూడా స్టార్ట్ బిట్‌లా కనబడి, అసలు ప్రశ్నకు ముందు ఒక చెత్త బైట్ అతుక్కుంటుంది. సీఆర్‌సీ కలవదు. సీఆర్‌సీ కలవని ఫ్రేమ్‌కు స్లేవ్ జవాబివ్వదు, తప్పని కూడా చెప్పదు. మాస్టర్ తెర మీద మీకు కనబడేది మాత్రం టైమవుటే.

దీన్ని పట్టుకోవడానికి మల్టీమీటర్ చాలు. అన్ని పరికరాలూ ఆఫ్ చేసి తెలుపు, నీలం మధ్య ఓమ్స్ చూడండి. 50 నుంచి 60 మధ్య ఉంటే సరే. 40కి దిగితే ఎక్కడో మూడో టెర్మినేటర్ ఉంది. 100 పైన చూపిస్తే ఒక టెర్మినేటర్ ఊడింది, లేదా మధ్యలో తీగ తెగింది.

పారిటీ గురించి ఒకే మాట గుర్తుంటే చాలదు, కారణం కూడా తెలియాలి. ఆర్‌టీయూలో ప్రతి బైటుకు 11 బిట్లు: ఒక స్టార్ట్, ఎనిమిది డేటా, ఒక పారిటీ, ఒక స్టాప్. ప్రమాణం చెప్పే డిఫాల్ట్ ఈవెన్ పారిటీ, అదే 8E1. పారిటీ వద్దనుకుంటే ఆ ఖాళీని రెండో స్టాప్ బిట్‌తో నింపాలి, అంటే 8N2. మార్కెట్‌లో దొరికే పరికరాల్లో చాలావాటికి ఫ్యాక్టరీ నుంచి వచ్చేది 8N1. అది ప్రమాణానికి సరిపోదు గానీ అన్ని పరికరాలూ అదే పెట్టుకుంటే నడుస్తుంది. మన లైన్ మాత్రం 8E1. కొత్త మీటర్‌ను పెట్టెలోంచి తీసి నేరుగా బిగిస్తే పలకకపోవడానికి అన్నిటికన్నా సామాన్యమైన కారణం ఇదే.

పారిటీ తేడా ఉన్నప్పుడు పూర్తి నిశ్శబ్దమే ఉండాలని లేదు. మాస్టర్ ఈవెన్ పారిటీతో పంపుతుంటే, పారిటీ లేని స్లేవ్ ఆ పారిటీ బిట్‌నే స్టాప్ బిట్ అనుకుంటుంది. 01 అనే బైట్‌లో ఒకట్లు ఒక్కటే కాబట్టి ఈవెన్ పారిటీ బిట్ 1, స్లేవ్‌కు ఇబ్బంది లేదు. 03లో ఒకట్లు రెండు కాబట్టి పారిటీ బిట్ 0, స్లేవ్‌కు అది ఫ్రేమింగ్ ఎర్రర్. ఫ్రేమ్‌లోని ఏ బైట్ విఫలమైనా ప్రశ్న మొత్తం పోతుంది. 8N1, 8N2 మధ్య తేడా మాత్రం సాధారణంగా కనబడదు, ఎందుకంటే చాలా రిసీవర్లు మొదటి స్టాప్ బిట్‌నే చూస్తాయి. అది నడుస్తోంది కదా అని రికార్డు పుస్తకంలో 8N1 అని రాసి పెట్టుకోకండి, తర్వాత వచ్చేవాళ్లు అదే నమ్ముతారు.

ఇప్పుడు టైమవుట్ వచ్చినప్పుడు ఏం చూడాలి? ముందు అసలు అది టైమవుటేనా అని చూడండి. ఎక్సెప్షన్ జవాబు వస్తే, అంటే ఫంక్షన్ 03కు బదులు 83 వస్తే, వైరింగ్, వేగం, పారిటీ, అడ్రస్ అన్నీ సరిగ్గా ఉన్నట్టే. కోడ్ 02 అయితే రిజిస్టర్ నంబర్ తప్పు. 40001 అని మాన్యువల్‌లో ఉన్నదాన్ని కొన్ని సాఫ్ట్‌వేర్‌లు 0గా, కొన్ని 1గా అడుగుతాయి. ఇలాంటి చోట కేబుల్ విప్పితే ఉన్న లైన్ కూడా పాడవుతుంది. సీఆర్‌సీ ఎర్రర్లు వస్తుంటే స్లేవ్ పలుకుతోంది, మాట చెడిపోతోంది: నాయిస్, టెర్మినేషన్, లేదా ఇద్దరు స్లేవ్‌లకు ఒకే అడ్రస్. పూర్తి నిశ్శబ్దమైతేనే పవర్, అడ్రస్, వేగం, పారిటీ, తీగల తారుమారు చూడాలి.

తర్వాత ఎవరెవరు పలకడం లేదో చూడండి. ఒక్కటే అయితే ఆ పరికరం దగ్గరికే వెళ్లండి. 9 నుంచి 34 వరకూ అన్నీ పోతే 8వ, 9వ మీటర్ల మధ్య టెర్మినల్ ఊడింది. అన్నీ పోతే కంట్రోల్ రూమ్ వైపు చూడండి. ఒక్కో సమయంలో ఒక్కోటి పోతుంటే డ్రైవ్ కేబుల్, డేటా కేబుల్ ఒకే ట్రేలో పడుకున్నాయేమో చూడండి. డ్రైవ్ నుంచి మోటార్‌కు వెళ్లే కేబుల్‌ను దాటాల్సి వస్తే అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో దాటాలి, పక్కపక్కన పరుగెత్తకూడదు.

మీటర్ మార్చినప్పుడు వచ్చే సమస్య వేరుగా ఉంటుంది. ఎక్కువ మీటర్లు పెట్టెలోంచి అడ్రస్ 1తో వస్తాయి. 7వ మీటర్ మార్చి అడ్రస్ పెట్టడం మరిస్తే 7 పలకదు, దానితోపాటు ఏ తప్పూ లేని 1వ మీటర్ కూడా పాడవుతుంది, ఎందుకంటే ఇద్దరూ ఒకేసారి జవాబు చెబుతారు. రెండు మీటర్లు ఒకేసారి పోయాయని కేబుల్ వెతకకండి.

ల్యాప్‌టాప్‌తో పరీక్షించాలంటే ముందు పీఎల్‌సీని లైన్ నుంచి విడదీయండి. ఒక లైన్ మీద ఇద్దరు మాస్టర్లు ఉంటే ఇద్దరికీ టైమవుట్లే. పీఎల్‌సీ దగ్గరున్న బయాస్ కూడా విడిపోకుండా డేటా తీగలను దాని ప్లగ్ దగ్గరే తీయండి. తర్వాత యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టి 7వ మీటర్‌ను ఇలా అడగండి:

```
mbpoll -m rtu -a 7 -b 9600 -P even -s 1 -t 4 -r 1 -c 2 -1 /dev/ttyUSB0
```

జవాబు రాకపోతే `-P none -s 2` పెట్టి ఒకసారి, అడ్రస్ 1తో ఒకసారి చూడండి. కొత్త మీటర్ సమస్య చాలావరకు ఈ రెండింట్లోనే బయటపడుతుంది. ల్యాప్‌టాప్‌తో పలికి, పీఎల్‌సీతో పలకకపోతే మాస్టర్ పంపడం అయ్యాక లైన్ వదలడంలో ఆలస్యం చేస్తోందేమో అనుమానించాలి. స్లేవ్ 3.5 అక్షరాల నిశ్శబ్దం, అంటే 9600 వద్ద 4 మిల్లీసెకన్లు, గడవగానే జవాబు మొదలుపెట్టవచ్చు. అప్పటికి మాస్టర్ ఇంకా డ్రైవర్ ఆన్‌లోనే ఉంచితే మొదటి బైట్ చెడిపోతుంది. ఇలాంటి చోట స్లేవ్‌లో జవాబు ఆలస్యం సెట్టింగ్ ఉంటే దాన్ని 10 లేదా 20 మిల్లీసెకన్లకు పెంచండి.

ఏ పరికరం మార్చినా ఎంసీసీ తలుపు లోపల అతికించిన షీట్‌లో అడ్రస్, పారిటీ, టెర్మినేషన్ స్విచ్ స్థితి, ఖాళీ లైన్ మీద కొలిచిన మిల్లీవోల్ట్‌లు అదే రోజు రాయండి. పరికరం బిగించాక పది నిమిషాలు పీఎల్‌సీ ఎర్రర్ కౌంటర్ చూసి, పెద్ద బ్లోయర్ ఒకసారి స్టార్ట్ చేసి, కౌంటర్ కదలలేదని చూసుకున్నాకే ప్యానెల్ మూయండి.