వాంతులు, విరేచనాలు, జ్వరం వచ్చిన రోజుల్లో షుగరు, బీపీ మాత్రలు వాడే పద్ధతి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి మా మధుమేహ ఓపీకి వచ్చే, మెట్‌ఫార్మిన్‌తో పాటు బీపీ మాత్రలు కూడా వాడుతున్న వారి కోసం ఈ కరపత్రం. దీన్ని మీ ఓపీ పుస్తకంలో పెట్టుకోండి. జబ్బు పడిన రోజు మీరే చదువుకునే స్థితిలో ఉండకపోవచ్చు కాబట్టి, ఇంట్లో మరొకరికి కూడా ఇప్పుడే చదివి వినిపించండి.

ఎందుకు జాగ్రత్త పడాలి

షుగరు, బీపీ మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదని మేమే మీకు ఎన్నోసార్లు చెప్పాం. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఆ మాట అక్షరాలా నిజం. అయితే వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, లేదా జ్వరంతో నోటికి ఏదీ సహించక నీళ్లు కూడా తాగలేనప్పుడు ఒంట్లో నీరు తగ్గి, మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గిపోతుంది. ఆ సమయంలో కొన్ని రకాల బీపీ మాత్రలు మూత్రపిండాల మీద భారాన్ని మరింత పెంచుతాయి. మెట్‌ఫార్మిన్ మూత్రపిండాలను పాడుచేయదు, కానీ అది బయటికి పోయే దారి మూత్రమే. మూత్రపిండాలు మందగిస్తే మందు ఒంట్లో పేరుకుని, రక్తంలో లాక్టిక్ ఆమ్లం ప్రమాదకరంగా పెరిగే అవకాశం ఉంది. ఇది అరుదు, కానీ వచ్చిందంటే ప్రాణాంతకం. రెండు రోజులు మాత్ర ఆపితే తప్పించుకోగల ప్రమాదం ఇది.

ఎప్పుడు ఆపాలి

ఒకే రోజులో రెండు లేదా అంతకంటే ఎక్కువ సార్లు వాంతులో నీళ్ల విరేచనాలో అయినా, జ్వరంతో చెమటలు పడుతూ మామూలుగా తినే, తాగే దానిలో సగం కూడా తీసుకోలేకపోయినా కింద చెప్పిన మాత్రలు ఆపాలి. జలుబు, దగ్గు, కాస్త ఒళ్లు వెచ్చదనం ఉన్నా అన్నం తింటూ నీళ్లు తాగుతూ ఉంటే ఏ మాత్రా ఆపనవసరం లేదు.

తాత్కాలికంగా ఆపవలసినవి

మెట్‌ఫార్మిన్ ఆపండి. బీపీ మాత్రల్లో టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఓల్మిసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ ఆపండి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్తాలిడోన్ వంటివి కూడా ఆపండి. షుగరు మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ తప్పనిసరిగా ఆపాలి. వీటివల్ల షుగరు 150, 200 మాత్రమే ఉన్నప్పుడు కూడా రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు ప్రమాదకరంగా చేరవచ్చు. గ్లైమెపిరైడ్, గ్లిక్లజైడ్ ఏమీ తినకుండా వేసుకుంటే షుగరు పడిపోతుంది కాబట్టి, తిండి లేని రోజు వాటినీ వేసుకోకండి.

మన దగ్గర చాలామందికి రెండు మూడు మందులు కలిసిన ఒకే మాత్ర రాసి ఉంటుంది. గ్లైమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసినది అందులో మామూలుగా కనిపించేది. బీపీ మాత్ర పేరు చివర హెచ్ అనే అక్షరం ఉంటే అందులో చాలావరకు హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంటుంది. స్ట్రిప్పు వెనుక ఉన్న మందుల పేర్లను ఇప్పుడే మాకో, మందుల షాపులో ఫార్మసిస్టుకో చూపించి, జ్వరం రోజు ఆపవలసిన స్ట్రిప్పు మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టించుకోండి.

సొంతంగా ఆపకూడనివి

ఇన్సులిన్ పూర్తిగా మానకండి. తినకపోయినా జబ్బు వల్ల షుగరు పెరుగుతుంది. మోతాదు ఎంత ఉండాలో ఓపీ పుస్తకం అట్ట మీద ఉన్న నంబరుకు ఫోను చేసి అడగండి. మెటోప్రోలాల్, అటెనోలాల్ వంటి మాత్రలను అకస్మాత్తుగా ఆపితే గుండెకు ప్రమాదం. అవి టెల్మిసార్టాన్‌తో కలిసిన మాత్రగా ఉన్నా ముందు ఫోను చేయండి. గుండె బలహీనత ఉండి ఫ్యూరోసెమైడ్ వాడేవారు, రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని పరిమితి ఉన్నవారు ఈ కాగితం చూసి ఏదీ మార్చకండి, డాక్టరునే అడగండి. అమ్లోడిపిన్ ఒక్కటే వాడేవారు సాధారణంగా కొనసాగించవచ్చు, కానీ లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే అడిగి వేసుకోండి.

ఏమి తాగాలి, ఏమి తినాలి

ఓఆర్ఎస్‌లో చక్కెర ఉంటుందని షుగరు ఉన్నవారు భయపడి తాగడం మానేస్తున్నారు. ఆ భయం వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్ఎస్ లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములే ఉంటుంది, పేగు ఉప్పునూ నీటినీ పీల్చుకోవడానికి ఆ కాస్త గ్లూకోజు అవసరం. లీటరు ప్యాకెట్ మొత్తాన్ని కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఒకేసారి కలిపి, 24 గంటల్లోపు వాడండి. కొంత పొడి మిగిల్చి, కొంత కలిపితే పాళ్లు తప్పుతాయి. దుకాణాల్లో పళ్ల రుచితో దొరికే తియ్యటి డబ్బా పానీయాలు ఓఆర్ఎస్ కావు.

వాంతి అయిన వెంటనే గ్లాసెడు తాగితే మళ్లీ బయటికి వస్తుంది. పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా మొదలుపెట్టి, గంటకు ఒక గ్లాసు దాకా తెచ్చుకోండి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, బియ్యం గంజి, పలుచని రాగి జావ మంచివి. బీపీ ఉన్నవారు ఉప్పు తగ్గించాలన్న నియమాన్ని ఈ ఒకటి రెండు రోజులు పక్కన పెట్టవచ్చు.

ఇంట్లో మీటరు ఉంటే నాలుగు గంటలకు ఒకసారి షుగరు చూసి, గంటతో సహా రాసి పెట్టండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. గ్లైమెపిరైడ్ వేసుకున్నవారిలో షుగరు ఒకసారి పెరిగాక కూడా మళ్లీ పడిపోవచ్చు కాబట్టి ఆ రోజంతా గమనించాలి.

నొప్పి సూది వద్దు

ఊళ్లో దగ్గర్లోని ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లి ఒళ్లు నొప్పులకు సూది వేయించుకోవడం మనకు అలవాటు. అది చాలాసార్లు డైక్లోఫెనాక్. ఒంట్లో నీరు లేనప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ మూత్రపిండాలను నేరుగా దెబ్బతీస్తాయి, అది డెంగీ జ్వరమైతే రక్తస్రావం ముప్పు కూడా పెరుగుతుంది. టెల్మిసార్టాన్, మూత్రం పోయే మందు, ఈ సూది మూడూ ఒకేరోజు కలవడం మేము అన్నిటికంటే ఎక్కువగా భయపడే సంగతి. జ్వరానికి పారాసిటమాల్ 500 లేదా 650 చాలు, ఆరు గంటల వ్యవధితో వేసుకోండి. కాలేయ జబ్బు ఉన్నవారు మాత్రం అడిగి వేసుకోవాలి. సూది వేసే ముందు "నాకు షుగరు, బీపీ ఉన్నాయి, నొప్పి సూది వద్దు" అని చెప్పడానికి మొహమాటపడకండి.

తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలి

మామూలుగా తినడం, తాగడం మొదలై 24 నుంచి 48 గంటలు గడిచాక, ఆపిన మాత్రలన్నీ పాత మోతాదులోనే మళ్లీ వేసుకోండి. తప్పిన వాటికి బదులుగా రెండేసి మింగకండి. ఉదాహరణకు సోమవారం రాత్రి వాంతులు మొదలై, బుధవారం ఉదయం నుంచి ఇడ్లీ, అన్నం నిలుస్తుంటే గురువారం లేదా శుక్రవారం ఉదయం మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ తిరిగి మొదలుపెట్టాలి. జబ్బు తగ్గాక "ఆపినా బాగానే ఉంది కదా" అని నెలల తరబడి మానేసేవారు ఉన్నారు. అలా చేస్తే కాపాడుకున్న మూత్రపిండాలే నెమ్మదిగా పాడవుతాయి. ఆపిన 48 గంటలకు కూడా తినలేకపోతే ఇంట్లో ఉండకుండా వచ్చి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన పరిస్థితులు

ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, ఆరు గంటలుగా గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోయినా, వరుసగా రెండుసార్లు షుగరు 300 దాటినా, చక్కెర నీళ్లు తాగాక కూడా 70 కంటే తక్కువే ఉన్నా, ఊపిరి లోతుగా వేగంగా వస్తున్నా, మగతగా ఉండి మాట తడబడుతున్నా, ఛాతీలో నొప్పి, తీవ్రమైన కడుపునొప్పి, ఎక్కడి నుంచైనా రక్తం కనిపించినా తెల్లవారే దాకా ఆగకండి. 108కి ఫోను చేయండి. తిరుపతిలో రుయా లేదా స్విమ్స్ అత్యవసర విభాగానికి, చిత్తూరులో జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లవచ్చు. స్పృహ తప్పినవారి నోట్లో చక్కెర నీళ్లు పోయకండి. వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్లండి. డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే, ఏ మాత్ర చివరిసారి ఎప్పుడు వేసుకున్నారో అక్కడి డాక్టరుకు మొదటి మాటగా చెప్పి, కీటోన్ పరీక్ష చేయమని అడగండి.