మీ వరద నోటుబుక్కులో నా ఉత్తరం

ధవళేశ్వరం
29 ఆగస్టు 2025

ఏవండీ,

ఇది మీ వరద నోటుబుక్కే. కాగితాలు దొరక్క కాదు, కావాలనే ఇందులో రాస్తున్నాను. మీరు రాసిన ఆఖరి పేజీ 2023 వానాకాలంది, దాని తర్వాత గీతలు కొట్టి పెట్టుకున్న పేజీలు చాలా ఖాళీగా మిగిలిపోయాయి. నిరుడు పెళ్లిరోజున దీన్ని తెరిచి మూసేశాను. మీరు పోయి అప్పటికి ఆరు నెలలే, మీ చేతిరాత చూడలేకపోయాను. ఈ ఏడు చూడగలుగుతున్నాను, మీరు 7ని అడ్డగీత పెట్టి రాయడం కూడా.

ఇవాళ్టికి మనకి 39 ఏళ్లు.

అసలు మన లగ్నం ఆగస్టు 17న కదా. 16నే గోదారి బ్యారేజీ దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, మా లంకలో మా ఇంటి పెణక దాకా నీళ్లు, పెళ్లికని తెచ్చిన బియ్యం బస్తాలు ఏటిగట్టు మీదికి చేర్చేలోపే నానిపోయాయి, మా అమ్మ నా పెళ్లి చీరల పెట్టె నెత్తిన పెట్టుకుని పడవెక్కింది. మీకేమో బ్యారేజీ మీద డ్యూటీ. ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా కాని లస్కరు, పెళ్లికొడుకు అయినా గేట్లు వదిలి రావడానికి లేదు. తాళి కట్టే ముహూర్తానికి గోదారి అడ్డం పడిందంటే ఆ పిల్ల జాతకం మంచిది కాదని మీ వాళ్లలోనే ఎవరో అన్నారని తర్వాత తెలిసింది. ఎవరన్నారో మీరు చచ్చినా చెప్పలేదు. నీళ్లు తీశాక సైకిలు తొక్కుకుంటూ మండపేటలో మా మేనమామ గారింటికి వచ్చి, చెప్పులు గుమ్మం బయటే విడిచి, కూర్చోకుండానే "గోదారికి మన పంచాంగం ఏం తెలుసండీ, రెండో ముహూర్తం పెట్టించండి" అన్నారు. నేను తలుపు వెనకాల ఉన్నాను. నాకు మీరు నచ్చింది పెళ్లిచూపుల్లో కాదు, అప్పుడు. మీ మొహం సరిగ్గా కనపడనే లేదు, బురద పట్టిన పంట్లాం, కాళ్లు కనిపించాయి. ఈ మాట మీతో ఎన్నిసార్లు చెప్పాలనుకున్నానో, ఎప్పుడూ చెప్పలేదు. ఏం అడ్డమొచ్చిందో, మొగుడితో అలాంటివి చెప్పుకోవడం మా ఇళ్లల్లో అలవాటు లేదు, అంతే.

మొదటి రాత్రి మీరు పడుకున్న పళాన నిద్రపోయారు. నాకు ఏడుపొచ్చింది. తెల్లారి మీరే చెప్పారు, ఆ వరదకి నాలుగు రాత్రులు కన్ను మూయలేదని, ఆ బాకీ ఇంకా తీరలేదని. అప్పుడు ఈ లెక్కలన్నీ చెప్పారు. మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. భద్రాచలంలో నీళ్లు పెరిగాయంటే మర్నాటికల్లా ఇక్కడ చూసుకోవాలని. కొత్త పెళ్లికూతురికి చెప్పే కబుర్లా అవి అని మా అక్క నవ్వింది. నాకు మాత్రం ఇప్పటికీ ఆ అంకెలు స్తోత్రంలా నోటికి వచ్చేస్తాయి.

మీ ఫోను సంగతి చెప్పాలి. ఏడాదిన్నరగా మీరు వాడని నంబరుకి డబ్బులు ఎందుకు కడతావమ్మా, తీసేయిస్తానని పెద్దాడు అన్నాడు. వాడిది తప్పు కాదు, బెంగళూరులో ఉండేవాడికి ఇక్కడి సంగతి తెలియదు. కిందటి ఏడు జులైలో మొదటిసారి ఆ ఫోను మోగింది. లంకలో పెద్దాయన ఒకాయన, మీరు పోయిన సంగతి తెలియక, "బాబూ ఎంతుంది, గేదెల్ని గట్టుకి తోలమంటావా" అని అడిగాడు. మీరు లేరని చెప్పలేక చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా "అమ్మా, మరి ఇప్పుడెవరినడగాలి" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆ రాత్రంతా కూర్చున్నాను. మర్నాడు మీతో పనిచేసిన కుర్రాడికి ఫోన్ చేసి అడిగితే పాపం పొద్దున్న ఆరింటికి, సాయంత్రం ఆరింటికి చెబుతానన్నాడు. చెబుతున్నాడు కూడా, ఒక్క పూట తప్పలేదు. నేను రాసుకుంటాను, ఎవరడిగితే వాళ్లకి చెబుతాను. ఇప్పుడు వాట్సాప్‌లో అన్నీ వస్తున్నాయి గానీ, ఆ లంకల్లో పెద్దవాళ్లు మనిషి గొంతుతో వింటే గానీ గేదె తాడు విప్పరు. మీకు తెలిసిందే.

కాబట్టి ఆ నంబరు తీసేయనివ్వను. ఈ నెల కూడా రీఛార్జి నేనే చేయించుకున్నాను.

బొట్టు పెట్టుకుంటున్నాను. పదకొండో రోజున పెద్దవాళ్లు గాజులు, మెట్టెలు తీయించారు, బొట్టు దగ్గరికి వచ్చేసరికి మీ చెల్లెలు అడ్డం నిలబడింది. "వదిన ఉయ్యాల్లో ఉన్నప్పుడు పెట్టిన బొట్టు, మా అన్నయ్య పెట్టింది కాదు, తీయడానికి మీరెవరు" అంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. కానీ మొన్న మాఘంలో చుట్టాలమ్మాయి పెళ్లికి వెళితే, పసుపు దంచే దగ్గర నన్ను మెల్లిగా పక్కకి రమ్మన్నారు. వచ్చేశాను. గొడవ చేయలేదు, భోజనం కూడా చేశాను, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం మీ మీద కోపం వచ్చింది. వేరే ఎవరి మీదా కాదు, మీ మీదే. గుండెల్లో మంటగా ఉందని మూడు రోజులు సోడా తాగుతూ కూర్చున్నారు, నాతో ఒక్క ముక్క చెప్పలేదు. నీళ్లు అరడుగు పెరిగితే ఊరంతా లేపే మనిషి. ఈ కోపం ఇంకా పోలేదండీ, రాస్తే పోతుందేమోనని రాస్తున్నాను.

పులస గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. పెళ్లిరోజు ఎర్రనీళ్ల రోజుల్లో వచ్చిందని ప్రతి ఏడూ తెస్తాననేవారు, జీతం చూస్తే రాదు. మన అమ్మాయి పుట్టిన ఏడు ఒకసారి తెచ్చారు, చిన్నదే, తడిగుడ్డలో చుట్టి. "పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు కదా, నీ పుస్తెలు అమ్మకుండానే తెచ్చాను చూడు" అన్నారు. ఆ ఏడు చేతిగడియారం కనపడకపోతే అడిగాను, గోదాట్లో పడిపోయిందన్నారు. నమ్మినట్టే ఉన్నాను.

నిన్న ఆ లంక పెద్దాయన మనవడి చేత నాలుగు ముక్కలు పంపించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. మట్టి దాకలో, సన్నటి సెగ మీద, చింతపులుసు పోసి, బెండకాయలు వేసి, దింపేముందు కాస్త వెన్న వేసి చేశాను. ఇవాళ్టికి ముక్కకి పులుసు బాగా పట్టి ఉంటుంది. రెండు ముక్కలు మీ చెల్లెలికి పంపాను, ఒకటి నాకు. ఇంకొకటి మీ పేరున పక్కనపెట్టి వదిలేయను, మీకు అన్నం పారేస్తే నచ్చదు. అది కూడా నేనే తింటాను.

2027లో పుష్కరాలు. 2015లో జనంలో నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఈసారి తొక్కిడి లేని చిన్న రేవుకి తీసుకెళతానన్నారు. మనవరాలితో వెళతాను. ఆ రేవు ఏదో మీరు చెప్పలేదు, లంకవాళ్లని అడుగుతాను.

ఆరవుతోంది. మీ ఫోను మోగుతోంది, ఆ కుర్రాడే అయి ఉంటాడు. ఉండండి, ఎంతుందో రాసుకుంటాను.

మీ
లంక పిల్ల