ఉగాది భోజనాలు, 30 మందికి: మెనూ, కొలతలు

చెల్లీ, అమ్మతో కూడా మాట్లాడి మెనూ ఫైనల్ చేశా, మరిది గారికి ఫార్వర్డ్ చెయ్యి, సరుకులు ఆయనే తెస్తానన్నారు కదా. 30 మందిలో పిల్లలు ఆరుగురు, షుగర్ ఉన్న పెద్దవాళ్ళు నలుగురు, పైగా బెజవాడ ఎండ, అందుకే తీపి రెండు, నూనెలో వేగేవి గారెలూ అప్పడాలూ తప్ప ఇంకేం వద్దు, మిగతావన్నీ కడుపుకి హాయిగా ఉండేవే.

ఉగాది పచ్చడి పొద్దున్నే దేవుడి దగ్గర పెట్టి వచ్చినవాళ్ళకి వచ్చినట్టు చిన్న గ్లాసుల్లో ఇచ్చేద్దాం.

తీపిలో బొబ్బట్లు మెయిన్. పచ్చిశనగపప్పు కిలో, బెల్లం కిలో, పైపిండి ముప్పావు కిలో, 60 పైనే వస్తాయి. పూర్ణాలు కూడా అన్నావు కానీ వద్దే, రెండింట్లో లోపల అదే పూర్ణం, తినేవాళ్ళకి మొహం మొత్తుతుంది. వాటి బదులు పల్చగా సేమ్యా పాయసం, మూడు లీటర్ల పాలకి సేమ్యా 400 గ్రాములు, ఒక్కో చిన్న కప్పు. బొబ్బట్ల పప్పు మరీ మెత్తబడనివ్వకు, వేలితో నొక్కితే చిదిమినట్టు అవ్వాలి అంతే, నీళ్ళు నిలిస్తే పూర్ణం జారి బొబ్బట్టు చిరిగిపోతుంది. వార్చిన ఆ కట్టు మాత్రం పారబొయ్యొద్దు, ఫ్రిజ్‌లో పెట్టు, పొద్దున చింతపండు రసం, మిరియాల పొడి, ఇంగువ పోపు వేస్తే కట్టుచారు, తీపి తిన్నాక అది పడితే ప్రాణం లేచొస్తుంది.

గారెలకి మినప్పప్పు కిలో. సగం వేడివేడిగా విస్తట్లోకి, సగం పెరుగులో వేసేద్దాం, షుగర్ వాళ్ళకి సగం బొబ్బట్టు, రెండు పెరుగు గారెలు, వాళ్ళూ తృప్తిగా లేస్తారు.

పులిహోర మామిడికాయతో, బియ్యం కేజిన్నర. అందుకే పప్పులో మామిడికాయ వద్దు, ముద్దపప్పే, కందిపప్పు 700 గ్రాములు, నెయ్యి కిలో తెప్పించు, బొబ్బట్లకీ దీనికీ కలిపి. తెల్లన్నానికి రెండు కిలోలు చాలు. కూర గుత్తి వంకాయ అయితే నూనె ఎక్కువ తాగుతుంది, లేత వంకాయలు మూడు కిలోలు తీసుకుని అల్లం పచ్చిమిర్చి కొత్తిమీర కారం పెడదాం. బీన్స్ కొబ్బరి వేపుడు కొంచెం, పిల్లలు అదే తింటారు. సొరకాయ మజ్జిగ పులుసు, అప్పడాలు, చివర్లో పెరుగు, మొత్తం పెరుగుకి పాలు ఏడు లీటర్లు విడిగా తోడు పెట్టాలి, గారెలకీ పులుసుకీ అందులోంచే. దోసకాయ పచ్చడి అమ్మ చేసి తెస్తుంది.

ముందురోజు సాయంత్రం పూర్ణం ఉడికించి ఉండలు చేసి పెట్టేసుకో, మినప్పప్పు పడుకునే ముందు నానెయ్యి, నేను అయిదింటికల్లా వచ్చి రుబ్బుతా. అరిటాకులు, మామిడాకులు, వేపపువ్వు ముందురోజే పటమట రైతుబజార్‌లో తెచ్చేయమను, పండగ పొద్దున రేట్లు మండిపోతాయి. ఆకులు 35 తెమ్మను, చిరిగినవి ఎలాగూ నాలుగుంటాయి. పెద్ద గిన్నెలు రెండు నేనే తెస్తా, బొబ్బట్ల పెనం నీ దగ్గరుందా లేదా చెప్పు.