తొలి ఖలీఫాల కాలం: మీ ప్రశ్నలు, నా జవాబులు

మూడో యూనిట్ అయ్యాక మీరు కాగితాల మీద రాసిచ్చిన ప్రశ్నలన్నీ చదివాను. ఒకే సందేహాన్ని పదిమంది పది రకాలుగా అడిగిన చోట వాటిని కలిపేశాను. ఇంటర్నల్స్ టెన్షన్‌లో ఉన్నవాళ్లు ముందుగా భాష, వ్యాపారం మీద ఉన్న జవాబులు చదవండి. మీ పేపర్లలో బాగా తడబడింది అక్కడే.

ఖలీఫా అంటే రాజా, మతగురువా?

ప్రవక్త ముహమ్మద్ 632లో మరణించాక ముస్లిం సమాజానికి నాయకత్వం వహించినవారిని ఖలీఫాలు అన్నారు. అబూ బకర్, ఉమర్, ఉస్మాన్, అలీ అనే మొదటి నలుగురి పాలన 661 దాకా సాగింది. వారి తర్వాత డమాస్కస్ నుంచి ఉమయ్యద్‌లు 750 వరకు పాలించారు. ఆ పైన అబ్బాసిద్‌లు వచ్చారు. ఖలీఫాకు కొత్త దైవవాక్కు చెప్పే అధికారం లేదు. సైన్యం, పన్నులు, న్యాయం ఆయన చేతిలో ఉండేవి. మతధర్మాన్ని వివరించే పని కాలక్రమంలో పండితులకు వెళ్లింది. ఇంత గుర్తుంటే చాలు.

ఇరవై ఏళ్లలోపే రెండు మహాసామ్రాజ్యాలను ఎలా ఓడించారు?

అరబ్బుల ధైర్యం గురించి చాలామంది రాశారు. ఎదుటి పక్షం ఎలా ఉందో మాత్రం ఎవరూ రాయలేదు. బైజాంటిన్, ససానియన్ సామ్రాజ్యాలు 602 నుంచి 628 దాకా ఒకదానితో ఒకటి యుద్ధం చేసి ఖజానాలు ఖాళీ చేసుకున్నాయి. ఆ యుద్ధం ముగిసిన ఎనిమిదేళ్లకే, 636లో, యర్మూక్ దగ్గర బైజాంటిన్ సైన్యం ఓడిపోయి సిరియా చేజారింది. 642లో నహావంద్ యుద్ధంతో ఇరాన్‌లో ససానియన్ల ప్రతిఘటన దాదాపు కూలిపోయింది. చాలా నగరాలు ఒప్పందం చేసుకుని లొంగిపోయాయి. పన్ను కడితే ప్రాణం, ఆస్తి, ప్రార్థనా స్థలం మీవే అన్నది ఆ ఒప్పందాల సారాంశం.

గెలిచిన సైనికులు ఊళ్ల మీద పడి భూములు పంచుకోలేదు. బస్రా, కూఫా, ఈజిప్టులో ఫుస్తాత్ లాంటి కొత్త సైనిక పట్టణాల్లో వాళ్లను స్థిరపరిచి, వసూలైన పన్నులోంచి జీతాలు ఇచ్చారు. ఈ ఏర్పాటును గట్టిగా పట్టుకోండి. తర్వాత చెప్పబోయే భాష, వ్యాపారం, చదువు అన్నీ ఈ పట్టణాల నుంచే బయలుదేరాయి.

జనాన్ని కత్తి చూపించి మతం మార్చారా?

సామ్రాజ్యం కత్తితోనే పెరిగింది, అందులో దాపరికం అక్కర్లేదు. మతం వ్యాపించిన తీరు వేరు. ఈజిప్టు, ఇరాన్ లాంటి చోట్ల జనాభాలో ఎక్కువమంది ముస్లింలు కావడానికి శతాబ్దాలు పట్టింది. ముస్లిమేతరులు జిజియా కట్టేవారు కాబట్టి, తొలినాళ్లలో కొందరు అధికారులకు మతమార్పిడి అంటే ఆదాయం పోవడమే. మారినవారి దగ్గర కూడా ఆ పన్ను పిండిన సందర్భాలున్నాయి. ఖలీఫా రెండో ఉమర్ (717–720) దాన్ని ఆపాలని చూశాడు. అరబ్బులు కాని ముస్లింలను తక్కువగా చూడటం మీద రగిలిన కోపం కూడా ఈశాన్య ఇరాన్ వైపున్న ఖురాసాన్‌లో అబ్బాసిద్ తిరుగుబాటుకు బలమిచ్చింది.

ఎడారి తెగల భాష అంత పెద్ద భూభాగానికి ఎలా చేరింది?

మీ ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఈజిప్టులో దొరికిన ఒక పపైరస్ పత్రంతో మొదలుపెడదాం. దాని తేదీ 643. అరబ్ సైన్యం భోజనానికి 65 గొర్రెలు తీసుకున్నట్టు రాసిచ్చిన రసీదు అది. గ్రీకులోనూ ఉంది, అరబీలోనూ ఉంది. పాలకులు మారారు కానీ లెక్కలు రాసే గుమస్తాలు పాతవాళ్లే. సిరియా, ఈజిప్టుల్లో గ్రీకులో, ఇరాక్‌లో ససానియన్ల నాటి పర్షియన్ అయిన పహ్లవీలో లెక్కలు సాగుతూనే ఉన్నాయి. అరబ్బులకు పన్ను కావాలి, పన్ను లెక్క తెలిసినవాళ్లు కావాలి. దాదాపు అర్ధశతాబ్దం ఇలాగే నడిచింది.

ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మాలిక్ (685–705) హయాంలో ఇది తిరగబడింది. ఆఫీసు లెక్కలు అరబీలోకి మార్చమని ఆజ్ఞ అయింది. అన్ని చోట్లా ఒకే రోజున జరగలేదు. ఈజిప్టులో 706 ప్రాంతంలో, దూరాన ఉన్న ఖురాసాన్‌లో 742లో గానీ మారలేదు. అదే పాలకుడు 690ల చివర్లో నాణేలూ మార్చాడు. అంతకుముందు చక్రవర్తుల బొమ్మలతో ఉన్న నాణేల నమూనాలే వాడేవారు. కొత్త దీనార్ల మీద బొమ్మే లేదు, అరబీ అక్షరాలు మాత్రమే. చదవడం రాని రైతు చేతిలోకి కూడా ఆ లిపి చేరింది.

గుమస్తా కొలువు నిలవాలంటే అరబీ రావాలి, కాబట్టి క్రైస్తవులు, యూదులు, జొరాస్ట్రియన్లు నేర్చుకున్నారు. మతం మారకుండానే భాష మార్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. హర్రాన్ బిషప్ థియొడోర్ అబూ ఖుర్రా 800 ప్రాంతానికే క్రైస్తవ తత్వాన్ని అరబీలో రాశాడు. అరబీ వ్యాకరణానికి పునాది వేసిన సీబవైహ్ పుట్టుకతో పర్షియన్. బయటినుంచి వచ్చి నేర్చుకున్నవాడికే నియమాలు స్పష్టంగా రాసిపెట్టాల్సిన అవసరం ఎక్కువ కనిపిస్తుందని నేను అనుకుంటాను.

అయితే ఈజిప్టు క్రమంగా అరబీ మాట్లాడే దేశమైంది, అక్కడి పాత భాష కాప్టిక్, చర్చి ప్రార్థనల్లో మిగిలింది. ఇరాన్ మాత్రం పర్షియన్‌ను వదల్లేదు. లిపి అరబీ, మాటల్లో అరబీ విరివిగా, భాష మాత్రం పర్షియన్. మధ్య ఆసియాలోని బుఖారా నుంచి ఏలిన సమానిద్ పాలకుల కాలానికి అది కవుల భాషగా నిలబడింది, 1010 ప్రాంతంలో ఫిర్దౌసీ మహాకావ్యం షానామా పూర్తయింది. ‘ఇస్లాం వెళ్లిన చోటల్లా అరబీ మాతృభాష అయింది’ అని ఎవరైనా రాస్తే మార్కులు కోస్తాను.

మరి మన తెలుగులో హక్కు, వసూలు, దుకాణం లాంటి అరబీ మాటలు ఆ ఖలీఫాల కాలంలోనే వచ్చాయా?

లేదు. అవి ముందుగా పర్షియన్‌లో కలిసిపోయి, శతాబ్దాల తర్వాత దక్కన్ సుల్తానుల కచేరీల ద్వారా, ఆ పైన ఉర్దూ ద్వారా మనకు చేరాయి. 9వ శతాబ్దంలో అరబ్ వర్తకులు దక్కన్ గురించి రాసింది మాత్రం నిజం. వాళ్లు ‘బల్హరా’ అని పిలిచిన రాజులు రాష్ట్రకూటులు.

వ్యాపారం ఇంతగా పెరగడానికి కారణం ఏమిటి?

పాత సరిహద్దు చెరిగిపోవడం మొదటి కారణం. మధ్యధరా తీరంలో బంగారు నాణెం, ఇరాన్‌లో వెండి నాణెం నడిచేవి. శత్రువులుగా ఉన్న ఆ రెండు ప్రపంచాలు ఇప్పుడు ఒకే పాలనలోకి వచ్చాయి. రెండో కారణం బాగ్దాద్. అబ్బాసిద్ ఖలీఫా అల్ మన్సూర్ 762లో టైగ్రిస్ ఒడ్డున కట్టించిన ఈ రాజధాని నుంచి నది వెంట బస్రాకు, పర్షియన్ గల్ఫ్‌కు దారి ఉంది. ఇరాన్ తీరంలోని సీరాఫ్ రేవు నుంచి పెద్ద ఓడలు ఋతుపవనాల గాలి చూసుకుని మలబారుకు, సింహళానికి, అక్కడి నుంచి చైనాలోని గ్వాంగ్‌జౌకు వెళ్లేవి.

ఇందుకు సాక్ష్యం సముద్రం అడుగునే దొరికింది. ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర 1998లో ఒక ఓడ శిథిలం బయటపడింది. దాని పలకలు మేకులతో కాక తాళ్లతో కుట్టి ఉన్నాయి, పశ్చిమ హిందూ మహాసముద్రపు పద్ధతి అది. అందులో సుమారు 60,000 చైనా పింగాణీ, మట్టి పాత్రలు ఉన్నాయి. ఒక గిన్నె మీద 826కు సరిపోయే చైనా తేదీ ఉంది. ఒక్కడి సంపదకోసం ఒక్కొక్కటిగా చేసిన వస్తువులు కావవి. ఎక్కడో దూరాన ఉన్న మార్కెట్ కోసం వేలకొద్దీ తయారు చేసిన గిన్నెలు. సామాన్య గృహాల్లోకి కూడా సముద్ర వ్యాపారం వెళ్లిందని దాన్ని చూస్తే అనిపిస్తుంది.

ఉత్తరాన ఇంకో కథ. స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిలో పూడ్చిపెట్టిన అరబీ వెండి దిర్హంలు వేలల్లో దొరికాయి. వోల్గా నది దారిలో బొచ్చుతోళ్లు, తేనె, మైనం, బానిసలు దక్షిణానికి వస్తే వెండి ఉత్తరానికి పోయింది. ఇంగ్లండ్‌లో మెర్సియా రాజు ఒఫా 774 నాటి అబ్బాసిద్ దీనార్‌ను అచ్చు దింపించి, మధ్యలో తన పేరు వేయించుకున్నాడు. దాని మీది అరబీలో తప్పులున్నాయి. ఏం రాసి ఉందో తెలియకుండానే ఆ నాణెం పరపతిని నమ్ముకున్నారన్నమాట.

బానిసల విషయం పక్కన పెట్టకండి. బస్రా దగ్గరి ఉప్పు నేలల్లో పనిచేసిన తూర్పు ఆఫ్రికా బానిసలు 869లో తిరగబడ్డారు, 883 దాకా పోరాడారు. ఈ వర్తక వైభవాన్ని వర్ణించే వ్యాసంలో ఆ వాక్యం లేకపోతే అది సగం వ్యాసమే.

బాగ్దాద్‌లో ‘విజ్ఞాన గృహం’ అనే విశ్వవిద్యాలయం నిజంగా ఉందా?

బైతుల్ హిక్మా అనే పేరు సమకాలీన రచనల్లో ఉంది. గైడ్లలో రాసినట్టు పాఠాలు చెప్పే పెద్ద సంస్థగా ఉండేదనడానికి ఆధారాలు పలచన. అందువల్ల జవాబులో భవనం కంటే మనుషుల గురించి రాయండి. అనువాదాలకు డబ్బు పెట్టింది ఖలీఫాలే కాదు, వజీర్లు, వైద్యులు, సంపన్న కుటుంబాలు. పని చేసింది చాలావరకు అరమాయిక్ భాషా రూపమైన సిరియాక్ మాట్లాడే క్రైస్తవులు. వాళ్లకు గ్రీకు చదువులతో పాత పరిచయం.

హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్‌ను (మరణం 873) చూడండి. హీరా నుంచి వచ్చిన క్రైస్తవ వైద్యుడు. ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ రాసిన ఒక గ్రంథం కోసం ఇరాక్, సిరియా, పాలస్తీనా, ఈజిప్టు తిరిగాడు. చివరికి డమాస్కస్‌లో దానిలో సగమే దొరికిందని స్వయంగా రాసుకున్నాడు. ఒకే పుస్తకం ప్రతులు అనేకం సేకరించి, పోల్చి, సరైన పాఠం నిర్ణయించాకే అనువదించేవాడు. మాటకు మాట పెట్టకుండా వాక్యం అర్థాన్ని పట్టుకోవడం ఆయన పద్ధతి. సాబిత్ ఇబ్న్ ఖుర్రా నక్షత్రపూజ చేసే హర్రాన్ సాబియన్, గణితంలో దిట్ట. అబ్బాసిద్ ఖలీఫాల దగ్గర పనిచేసిన బర్మకీ వజీర్ల పూర్వీకులు బల్ఖ్‌లోని బౌద్ధ విహారానికి పెద్దలు. చరక, సుశ్రుత సంహితలు అరబీలోకి వెళ్లిన కాలమూ ఇదే.

ఇంత రాయాలంటే రాసే సరుకు చౌకగా ఉండాలి. పపైరస్ ఈజిప్టులోనే దొరికేది, తోలు ఖరీదు. పీచు, పాత గుడ్డలతో చేసే కాగితం సమర్కంద్ వైపు నుంచి వచ్చి 8వ శతాబ్దం చివరికి బాగ్దాద్‌లో తయారవసాగింది. 751 తలాస్ యుద్ధంలో దొరికిన చైనా ఖైదీలు నేర్పారన్న కథను మాత్రం కథగానే చెప్పండి. మధ్య ఆసియాలో కాగితం అంతకంటే ముందే ఉంది.

సున్నా మనదా, అరబ్బులదా?

సున్నాతో కూడిక, తీసివేతల నియమాలు బ్రహ్మగుప్తుడు 628లో రాశాడు. భారతీయుల తొమ్మిది అంకెల గురించి సిరియాక్ బిషప్ సెవెరస్ సెబోఖ్త్ 662లోనే మెచ్చుకుంటూ రాశాడు. 770ల ప్రాంతంలో మన్సూర్ ఆస్థానానికి సంస్కృత ఖగోళ గ్రంథం చేరింది. 820ల నాటికి బాగ్దాద్ గణితవేత్త ఖ్వారిజ్మీ భారతీయ లెక్కల మీద పుస్తకం రాశాడు. దాని అరబీ మూలం పోయింది, లాటిన్ రూపాలే మిగిలాయి. ఐరోపాకు ఆ అంకెలు ఆ దారిలోనే వెళ్లాయి. మనది అని గర్వపడటంలో తప్పులేదు, కానీ మధ్యవాళ్లను మోతగాళ్లుగా చూడకండి. డమాస్కస్‌లో గణితవేత్త ఉక్లీదిసీ 952లో, దుమ్ము పరిచిన పలక మీద చెరుపుతూ చేసే లెక్కలను సిరాతో కాగితం మీద చేయడానికి మార్చి రాశాడు. దశాంశ భిన్నాలు అందులో కనిపిస్తాయి. చెరపాల్సిన అవసరం లేకపోవడంతో ప్రతి అంచె కళ్లముందే మిగిలి, తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్లి చూసుకునే వీలు కలిగింది.