మొదటి వానకే కారిన వాటర్‌ప్రూఫ్ జాకెట్: డబ్బు వాపసు గురించి

మేనేజర్ గారికి,

మీ అమీర్‌పేట షోరూంలో పోయిన వారం 2,499 రూపాయలు పెట్టి జాకెట్ కొన్నాను, ట్యాగ్ మీద వాటర్‌ప్రూఫ్ అని ఉంది, ఎంత వాన పడినా చుక్క లోపలికి రాదని మీ సేల్స్ అబ్బాయి కూడా గట్టిగా చెప్పాడు. నిన్న మొదటి వానకే సంగతి తేలిపోయింది. బండి మీద పంజాగుట్ట దాటి ఖైరతాబాద్ చేరేలోపే భుజాల దగ్గర నీళ్లు దిగి చొక్కా తడిసి ముద్దయింది, లోపలి జేబులో ఉన్న ఆఫీసు కాగితాలు కూడా పాడయ్యాయి.

ఇంటికొచ్చి తిరగేసి చూస్తే లోపల కుట్ల మీద టేపే లేదు. బట్ట నీళ్లను ఆపుతోంది, సూది పడిన రంధ్రాల్లోంచి మాత్రం కారుతోంది. టేపు వేయనిదాన్ని వాటర్‌ప్రూఫ్ అని ఎలా అమ్ముతారండీ? చినుకులకు మాత్రమే ఆగేదైతే ట్యాగ్ మీద అదే రాయండి, కొనాలో వద్దో మేం చూసుకుంటాం. వానాకాలమంతా బండి మీద తిరిగేవాళ్లు ఆ మాట నమ్మే కదా ఇంత డబ్బు పెడతారు!

నా డబ్బు మొత్తం వాపసు కావాలి. క్రెడిట్ నోట్ వద్దు, ఇదే రకం ఇంకో పీసూ వద్దు. బిల్లు, ట్యాగ్, కుట్ల ఫొటోలు జత చేశాను. శనివారంలోగా జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ కస్టమర్, నల్లకుంట