మన ఆఫీసులో అందరికీ హోలీ శుభాకాంక్షలు!

మిత్రులారా,

ఫాల్గుణ పౌర్ణమి వచ్చేసింది. ఊళ్లలో కామదహనానికి పిల్లలు అప్పుడే కట్టెలు పోగేస్తున్నారు, అడవి దారుల్లో మోదుగు చెట్లు ఎర్రగా విరబూశాయి. మీకూ, మీ ఇంట్లో అందరికీ రంగుల పండుగ శుభాకాంక్షలు!

రేపు సాయంత్రం నాలుగింటికి మేడ మీద కాసేపు రంగులు చల్లుకుందాం. ఈసారి మోదుగు పూలు తెప్పించాం. రాత్రంతా నానబెట్టి, పొద్దున మరిగించి వడకడితే చక్కటి నారింజ రంగు వస్తుంది. మా అడ్మిన్ టీమ్‌లో అందరికీ ఆ పని మీదే ధ్యాస! దాంతోపాటు పొడి గులాల్ మాత్రమే ఉంటుంది. నీళ్ల బెలూన్లు, గాఢమైన రంగులు వద్దు.

ఆడాలని ఉంటే పాత బట్టలు తెచ్చుకోండి. వద్దనుకుంటే హాయిగా మీ సీట్లోనే ఉండండి, కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు. రంగు పూసే ముందు "పూయనా?" అని అడుగుదాం. వద్దంటే నవ్వుతూ "హ్యాపీ హోలీ" చెబుదాం, అంతే. మేడ మీద తప్ప ఇంకెక్కడా రంగులు తీయొద్దు.

కింద క్యాంటీన్‌లో బొబ్బట్లు, మిర్చి బజ్జీలు, మజ్జిగ ఆడినవాళ్లకీ ఆడనివాళ్లకీ సమానంగా ఉంటాయి. రంజాన్ ఉపవాసంలో ఉన్నవాళ్ల వాటా విడిగా ప్యాక్ చేయిస్తాం, ఇఫ్తార్ వేళకు ఇంటికి తీసుకెళ్లండి. హౌస్‌కీపింగ్ అక్కలూ, సెక్యూరిటీ అన్నలూ, మీరూ తప్పకుండా రండి. మేడ కడగడం ఈసారి మా టీమ్ పని.

ప్రేమతో,
మీ అడ్మిన్ టీమ్