ఛార్జర్ పిన్ను

రాత్రి పదకొండున్నరకు గిరి ల్యాప్‌టాప్ తనంతట తానే రీస్టార్ట్ అయింది. నీలం తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. కింద Working on updates 4% complete. Don't turn off your computer అని ఉంది.

పొద్దున పదింటికి డీబీఎంఎస్ పరీక్ష. సెమిస్టరంతా టైపు చేసుకున్న నోట్సు అందులోనే ఉంది.

అసలు భయం అది కాదు. వాళ్లన్న వాడుకుని ఇచ్చిన పాత ల్యాప్‌టాప్ అది. బ్యాటరీ ఎప్పుడో పోయింది. ఛార్జర్ పిన్ను లూజు, కొంచెం పైకి వంచి పట్టుకుంటేనే కరెంటు అందుతుంది.

పక్క రూం సీనియర్ వచ్చి చూశాడు.

"పవర్ బటన్ ముట్టుకోవద్దురా. సిస్టమ్ మొత్తం మారుస్తా ఉండాది. మధ్యలో ఆగితే పాతదానికి తిరిగి పోవచ్చు, ఒక్కోసారి అసలు లేవదు. నీ ఫైళ్లు డిస్కులోనే ఉంటాయిలే. కానీ పొద్దున్లోపల తీసిచ్చేదెవురు?"

గిరి కుడిచేత్తో పిన్ను పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. ముప్పై శాతం దాటాక తెర నల్లబడింది. ఊపిరి బిగబట్టాడు. మళ్లీ చుక్కలు వచ్చాయి.

రూమ్మేట్ మునిరత్నం పుత్తూరు వాడు. ఈ పేపరు ఒకసారి తప్పాడు. తన నోటుబుక్కు తెచ్చి గిరి ముందు తెరిచాడు. సగం పేజీల్లో హెడ్డింగులే తప్ప విషయం లేదు.

"మూడో నార్మల్ ఫామ్ కాడ్నుంచి నాకేం లేదు మచ్చా. నువ్వు చెప్పు, నేను రాస్తా."

"చేత్తో గీసి చూపిస్తే గానీ నాకు చెప్పేదానికి రాదురా."

"గీయాల్సింది నేను గీస్తా. నోటితో చెప్పు."

గిరి కాసేపు ఆలోచించాడు. "మన హాస్టలే తీసుకో. రోల్ నంబరు తెలిస్తే రూం నంబరు తెలుస్తాది. రూం తెలిస్తే ఆ రూం చూసే వార్డెనెవరో తెలుస్తాది. అట్లాంటప్పుడు వార్డెన్ పేరు స్టూడెంట్ టేబుల్లో ఎందుకు?"

"రూముల టేబుల్లో పెట్టల్ల."

"అదే. ఒక రూముకు వార్డెన్ మారితే ఒక్కచోట మారిస్తే చాలు. లేకుంటే ఆ రూంలో ప్రతి స్టూడెంట్ కాడా దిద్దుకుంటా కూచోవాల."

మునిరత్నం పెన్ను ఆపి తలెత్తాడు. "ఇంతేనా? ఇదేనా నన్ను తప్పించింది?"

రెండింటికి కరెంటు ఒక్క క్షణం మినుకుమంది. ట్యూబులైటు ఆరి వెలిగింది. తెర మాత్రం ఆరలేదు, అడాప్టర్ ఆ క్షణాన్ని ఎలాగో మోసింది. గిరి చెయ్యి వణుకుతోంది. మునిరత్నం మాట్లాడకుండా వచ్చి పిన్ను తన చేతిలోకి తీసుకున్నాడు. ఇప్పుడు గిరి రాస్తుంటే వాడు ప్రశ్నలడిగాడు. ట్రాన్సాక్షన్లు, లాకులు, డెడ్‌లాక్. గిరికి ఎక్కడ తడుముకున్నా జవాబు అందుతోంది. లాకుల దగ్గర మాత్రం మునిరత్నమే సరిదిద్దాడు, ఆ ఒక్క పాఠం వాడు రెండుసార్లు చదివాడు.

మూడు దాటాక లాగిన్ తెర వచ్చింది. పాస్‌వర్డ్ కొట్టగానే నోట్సు ఫోల్డరు ఎప్పటిలాగే కనిపించింది.

"తెరువు, చదువుకో" అన్నాడు మునిరత్నం.

"పెన్‌డ్రైవ్ యాడ పెట్టినావు? ముందు దీన్ని కాపీ చేద్దాం. నువ్వు పిన్ను వదలొద్దు."